మొదట్లోనే పడిపోయిన రిటెన్షన్ గ్రాఫ్: తప్పు టైటిల్‌దా, ఓపెనింగ్‌దా?

కొత్త_ఛానెల్: నా యూట్యూబ్ వీడియో పేరు "కారుతున్న కుళాయిని 5 నిమిషాల్లో ఆపండి". నిడివి 6:20. ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్‌లో 0:09 దగ్గర 78 శాతం ఉన్నారు, 0:30కి 44. టైటిల్ మార్చాలా?

వ్యూస్_వేట: 0:30కి సగం కంటే తక్కువ మిగిలారంటే టైటిల్ అబద్ధమాడినట్టే. మార్చేయండి.

కత్తెర: ఆ ఒక్క అంకెతో తేల్చలేమండీ. మొదటి సెకన్లలో ప్రతి వీడియోకీ కొంత పడుతుంది. చూడాల్సింది గీత ఆకారం. 0:00 నుంచి 0:45 దాకా ఏ సెకనులో తెర మీద ఏముందో రాసుకుని గ్రాఫ్‌తో పోల్చి చూడండి. అసలు పని మొదలయ్యాక గీత ఎలా ఉంది?

కొత్త_ఛానెల్: 0:09 దాకా లోగో, మ్యూజిక్. 0:41 దాకా కుళాయి రకాల గురించి మాటలు. 0:42కి హ్యాండిల్ విప్పడం మొదలు. అక్కడ గీత 49కి లేచింది, తర్వాత దాదాపు చదునుగా ఉంది.

కత్తెర: ఆ లేవడమే అసలు సంగతి. పోయినవాళ్లు తిరిగొచ్చి కాదు, ముందున్నది దాటేసి నేరుగా అక్కడికి దూకినవాళ్లు కలిసి పెరిగింది. అంటే మీ టైటిల్ చెప్పిందే వాళ్లకు కావాలి, మీరు 42 సెకన్లు ఆలస్యంగా ఇచ్చారు. టైటిల్ ముట్టుకోకండి. స్టూడియో ఎడిటర్‌లో ఆ 41 సెకన్లు కత్తిరించండి, లింకూ వ్యూసూ అలాగే ఉంటాయి. టైటిల్ వేరే ఆశ పెట్టి ఉంటే హ్యాండిల్ కనిపించాక కూడా గీత జారుతూనే ఉండేది.

షార్ట్స్_మాత్రమే: నా షార్ట్స్‌కి మొదటి సెకనులోనే పోతున్నారు, అదీ ఇదేనా?

కత్తెర: కాదండీ. అక్కడ ఎక్కువమంది టైటిల్ చదివి రారు, వేలితో తోస్తుంటే మీ వీడియో ఎదురవుతుంది. దాన్ని విడిగా అడగండి.

పానా: కత్తెర గారితో సగమే ఏకీభవిస్తాను. 0:42 తర్వాత చదునుగా ఉందంటే మిగిలినవాళ్లు తృప్తిగా ఉన్నారనే అర్థం, వెళ్లిపోయినవాళ్ల సంగతి అది చెప్పదు. టైటిల్ "కుళాయి" అని అన్నిటినీ కలిపేసింది. వీడియోలో మార్చేది రబ్బరు వాషర్, అది తిప్పి బిగించే కుళాయికే పనికొస్తుంది. ఒంటి లివర్ కుళాయిలో ఉండేది సాధారణంగా కార్ట్రిడ్జ్ అనే వేరే భాగం. రకాలు చెప్పే భాగంలో "ఈ వీడియో ఫలానా రకానికి" అన్న సెకను దగ్గర గీత నిటారుగా తెగిందా?

కొత్త_ఛానెల్: 0:24కి అన్నాను. అక్కడ 61 నుంచి 50కి పడింది, మిగతాచోట మెల్లగా జారింది.

కత్తెర: అలాగైతే పానా గారి మాటలో బలముంది. అయినా ముందు కత్తిరించడమే నా ఓటు.

పానా: నా ఓటు టైటిల్ మార్చడానికి. కత్తిరిస్తే లివర్ కుళాయి వాళ్లు 0:24కి బదులు 0:05కే పోతారు, అంతే. రెండూ ఒకేసారి మాత్రం మార్చకండి, దేనివల్ల మారిందో తెలియదు.