బ్యాంగ్-బ్యాంగ్ ఫేజ్ డిటెక్టర్: లాక్ అయ్యాక కూడా క్లాక్ ఊగిసలాడుతోంది, ఎలా తగ్గించాలి?

సెకనుకు 10 గిగాబిట్ల రిసీవర్‌కు క్లాక్ రికవరీ లూప్ సిమ్యులేషన్ చేస్తున్నాను. అలెగ్జాండర్ డిటెక్టర్ ‘ముందు’ లేదా ‘ఆలస్యం’ అని మాత్రమే చెబుతుంది, ఎంత తేడానో చెప్పదు. బిట్ వ్యవధి 100 పికోసెకన్లు. ఫేజ్ ఇంటర్‌పొలేటర్ దాన్ని 64 అడుగులుగా విడదీస్తుంది. నిర్ణయం అమలయ్యేసరికి మరో 4 అప్‌డేట్‌లు గడుస్తాయి. అంచు దాటాక కూడా క్లాక్ అదే దిశలో 4 అడుగులు వెళ్లి వెనక్కి తిరుగుతోంది. ఈ చివరి నుంచి ఆ చివరికి 9 అడుగులు, అంటే సుమారు 14 పికోసెకన్లు! ఇది నన్ను బాగా కలవరపెడుతోంది.

అడుగును సగం చేస్తే ఊగిసలాట సగమవుతుంది కానీ, వేగంగా మారే జిట్టర్‌ను లూప్ అందుకోలేకపోతోంది. అందుకే ఆలస్యాన్నే తగ్గించాలని నా ఆలోచన, సరైన దారేనా? ఇన్‌పుట్‌లో సహజమైన జిట్టర్ కలిపితే ఈ క్రమబద్ధమైన ఊగిసలాట చెదిరిపోతుందా? అందుకు ఎంత జిట్టర్ ఉండాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.