జబ్బు వల్ల ఉద్యోగం మానేస్తుంటే రాజీనామా లేఖలో ఆ మాట రాయాలా, వద్దా?

మేడ్చల్ వాసి:
హైదరాబాద్ శివార్లలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్‌ని. సర్వీసు నాలుగేళ్ల మూడు నెలలు, బేసిక్ 32,000, డీఏ లేదు. కిడ్నీ జబ్బుతో ఇప్పుడు వారానికి మూడు డయాలసిస్‌లు. పన్నెండు గంటల షిఫ్టు, నిలబడి చేసే పని, ఇక నా వల్ల కాదు. కంపెనీవాళ్లు మంచివాళ్లే, గొడవ వద్దు. లేఖలో జబ్బు అని రాయాలా, 'వ్యక్తిగత కారణాలు' అని సరిపెట్టాలా? గ్రాట్యుటీ, పీఎఫ్ సంగతి కూడా లేఖలోనే అడిగితే మర్యాదగా ఉంటుందా?

గోదావరి హెచ్‌ఆర్:
'వ్యక్తిగత కారణాలు' అని రాసేయండి. పదేళ్లుగా ఈ లేఖలు చూస్తున్నాను. జబ్బు అని రాస్తే అది ఫైల్లో ఉండిపోతుంది. రేపు ఒళ్లు కుదుటపడి ఇంకో చోట చేరితే, పాత కంపెనీకి వెరిఫికేషన్ కాల్ వెళ్తుంది, అక్కడ ఎవరో ఒకరు నోరు జారతారు. గ్రాట్యుటీ ఐదేళ్లు నిండితేనే. ఐదో ఏడాదిలో 240 రోజులు చేసినా ఇవ్వాలని కోర్టు తీర్పు ఉంది గానీ, మీకు మూడు నెలలే అయింది. కాబట్టి దాని గురించి అడిగి సంబంధాలు చెడగొట్టుకోవద్దు.

ఆర్టీసీ బిడ్డ:
అన్నా, రాజీనామా ఎందుకు? మా నాన్న డ్రైవర్. చూపు తగ్గితే మెడికల్ బోర్డుకు పంపి అన్‌ఫిట్ అని రాసి డిపోలోనే వేరే పని ఇచ్చారు. మీరూ మెడికల్ బోర్డు అడగండి.

లెక్కల బాబాయి:
నాయనా, ఆర్టీసీ నిబంధనలు వేరు. ఈయనది ప్రైవేటు గోడౌన్, అక్కడ అలాంటి బోర్డు ఉండదు. అయినా నీ మాటలో పనికొచ్చేది ఒకటుంది: రాజీనామాకు ముందే 'కూర్చుని చేసే పని ఏదైనా ఉందా' అని ఒక మెయిల్ పెట్టాలి. లేదని వాళ్లు రాసిస్తే, తర్వాత అదే ఈయనకు సాక్ష్యం.

హెచ్‌ఆర్ గారితో మాత్రం నేను ఏకీభవించను. ఐదేళ్ల నియమానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. ఉద్యోగం ముగియడానికి కారణం మరణం గానీ, ప్రమాదం లేదా జబ్బు వల్ల వచ్చిన అశక్తత గానీ అయితే ఐదేళ్లు నిండాల్సిన పని లేదు. 1972 గ్రాట్యుటీ చట్టంలో ఉన్న ఈ మాటే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. అశక్తత అంటే మంచాన పడిపోవడం కాదు. జబ్బు రాకముందు చేయగలిగిన పనిని ఇప్పుడు చేయలేకపోతే చాలు.

లెక్క చూడండి. 32,000ను 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 18,461 పైచిలుకు. పూర్తయిన నాలుగేళ్లకు సుమారు 73,846 రూపాయలు. పైన ఉన్న మూడు నెలలు ఆరు నెలలు దాటలేదు కాబట్టి లెక్కలోకి రావు. 'వ్యక్తిగత కారణాలు' అని రాసి సంతకం పెట్టిన రోజునే ఈ డబ్బు అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. తర్వాత ఏ సర్టిఫికెట్ తెచ్చినా, మీ లేఖలో మీరు రాసిందిదే కదా అంటారు.

గోదావరి హెచ్‌ఆర్:
మినహాయింపు ఉందని ఒప్పుకుంటాను. కానీ చట్టంలో రాజీనామా ఒక పద్దు, అశక్తత ఇంకో పద్దు. తనంతట తాను రాజీనామా ఇచ్చినవాడు రెండో పద్దులోకి ఎలా వస్తాడని మా లీగల్ వాళ్లు కచ్చితంగా అడుగుతారు.

లెక్కల బాబాయి:
అడుగుతారు. అందుకే లేఖలో వాడే మాట ముఖ్యం. 'ఆరోగ్యం బాగోలేక రాజీనామా చేస్తున్నాను' అంటే అది మామూలు రాజీనామాలాగే కనిపిస్తుంది. 'జబ్బు వల్ల ఈ ఉద్యోగపు విధులు చేయలేని స్థితికి వచ్చాను, ఆ కారణంగానే నా ఉద్యోగం ముగుస్తోంది' అంటే కారణం స్పష్టం. దానికి తోడు డాక్టరు సర్టిఫికెట్‌లో కూడా పని ప్రస్తావన ఉండాలి. 'కిడ్నీ జబ్బు ఉంది, విశ్రాంతి అవసరం' అన్న సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. వారానికి మూడు డయాలసిస్‌లు, ఎక్కువసేపు నిలబడే షిఫ్టు పని చేయలేరు అని, ఎప్పటి నుంచో తేదీతో సహా నెఫ్రాలజిస్టు రాయాలి.

జబ్బు పేరు లేఖలో అక్కర్లేదు, ఆ భయం తీసేయండి. పేరు సర్టిఫికెట్‌లో ఉంటుంది, అది హెచ్‌ఆర్‌కు విడిగా ఇస్తారు. రిలీవింగ్ లెటర్‌లో కారణం రాయవద్దని అడగవచ్చు కూడా.

లేఖ ఇలా ఉంటే చాలు, ఇంగ్లీషులో పెట్టుకోండి:

'దీర్ఘకాలిక అనారోగ్యం వల్ల నా ప్రస్తుత విధులు నిర్వర్తించలేని స్థితిలో ఉన్నాను. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. ఈ కారణంగానే ఫలానా తేదీ నుంచి ఉద్యోగం నుంచి వైదొలగుతున్నాను. ఆరోగ్య పరిస్థితి దృష్ట్యా నోటీసు కాలాన్ని తగ్గించమని కోరుతున్నాను. చికిత్స రోజుల్లో షిఫ్టు మార్చి సాయపడిన మీకూ, నా స్థానంలో నిలబడిన సహోద్యోగులకూ కృతజ్ఞతలు. బాధ్యతల అప్పగింతకు ఫోన్‌లో అందుబాటులో ఉంటాను. గ్రాట్యుటీ, పీఎఫ్, మిగిలిన సెలవుల సొమ్ము గురించి విడిగా మెయిల్ పంపుతున్నాను.'

డబ్బు మాట చివరి వాక్యంలో ఒక్కసారే. ప్రశ్నలన్నీ రెండో మెయిల్‌లో. లేఖ మేనేజర్ చదువుతాడు, మెయిల్ పేరోల్ వాళ్లు చదువుతారు. ఇద్దరికీ ఒకటే కాగితం పంపితే మేనేజర్‌కు నొచ్చుతుంది, పేరోల్‌కు సమాధానం చెప్పాల్సిన ప్రశ్న దొరకదు.

కూకట్‌పల్లి అక్క:
మా తమ్ముడికీ కిడ్నీ సమస్యే. వాడికి ఈఎస్ఐ ఉంది. తొందరపడి రాజీనామా ఇవ్వబోతే ఈఎస్ఐ డాక్టరే ఆపాడు. మామూలు సిక్ లీవు డబ్బు 91 రోజులకే అయినా, పెద్ద జబ్బుల జాబితాలో ఉన్నవాటికి దాని తర్వాత కూడా 80 శాతం లెక్కన రెండేళ్ల దాకా ఇస్తారట. ఇప్పుడు నెలనెలా వస్తోంది. మీరూ అడగండి తమ్ముడూ.

మేడ్చల్ వాసి:
నా జీతం 21,000 దాటింది అక్కా, నాకు ఈఎస్ఐ లేదు. కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సే. అదే పెద్ద టెన్షన్.

లెక్కల బాబాయి:
అయితే రాజీనామా తేదీ వేసే ముందు ఆ పని చూసుకోండి. గ్రూపు పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే హక్కు ఉంది, గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్ లెక్కలో కలుస్తుంది. డయాలసిస్‌లో ఉన్న మనిషికి ప్రీమియం ఎంత చెబుతారు, అసలు ఎంత కవరేజీకి ఒప్పుకుంటారన్నది మాత్రం వాళ్లు ఫైలు చూశాకే తేలుతుంది. అందుకే ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి.

పీఎఫ్ సంగతి కొంచెం వేరు. ఐదేళ్ల లోపు తీస్తే పన్ను పడుతుంది, కానీ ఉద్యోగం ముగిసింది అనారోగ్యం వల్ల అయితే పడదు. పాత కంపెనీ పీఎఫ్ ఇందులోకి బదిలీ అయి ఉంటే ఆ సర్వీసు కూడా కలుస్తుంది. పీఎఫ్ పోర్టల్‌లో కంపెనీ మీ ఎగ్జిట్ తేదీతో పాటు కారణం కూడా నమోదు చేస్తుంది. అక్కడ ఏం పెడుతున్నారో రెండో మెయిల్‌లోనే అడగండి, తర్వాత మార్పించడం తలనొప్పి.

గోదావరి హెచ్‌ఆర్:
ఒక్క మాట. పన్నుకైతే సర్టిఫికెట్ చాలు, ఒప్పుకుంటాను. గ్రాట్యుటీ విషయంలో మా కంపెనీ అయితే తిరస్కరించేది. అప్పుడేం చేస్తారు?

లెక్కల బాబాయి:
లిఖితపూర్వకంగా తిరస్కరించమంటాను. గ్రాట్యుటీ దరఖాస్తు విడిగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. బాకీ పడిన 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ. కాదంటే లేబర్ ఆఫీసులో గ్రాట్యుటీ కేసులు చూసే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. గెలుస్తారని హామీ ఇవ్వలేను. మీరన్న పద్దుల వాదన అక్కడా వస్తుంది. ఆ రోజున చేతిలో ఏ లేఖ ఉందన్నదాన్ని బట్టే మాట్లాడగలం.

మేడ్చల్ వాసి:
రేపు డయాలసిస్ ఉంది, డాక్టరు గారిని సర్టిఫికెట్ అడుగుతాను. వేరే పని ఉందా అని ఇప్పుడే మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. ఇన్సూరెన్స్ తేలేదాకా రాజీనామా తేదీ వేయను.