హక్కా నూడుల్స్ వార్చిన గంటకే ముద్దయిపోతున్నాయి. నీళ్ళు, ఉప్పు, నూనె లెక్క చెప్పండి

శైలజ (విజయవాడ):
ఆదివారం మా బాబు పుట్టినరోజు. పన్నెండు మంది పిల్లలకి వెజ్ హక్కా నూడుల్స్ చేయాలి. 150 గ్రాముల ప్యాకెట్లు నాలుగు, అంటే 600 గ్రాములు. ముందుగా ఓసారి చేసి చూద్దామని మూడు లీటర్ల నీళ్ళు మరిగించి, రెండు చెంచాల నూనె పోసి, నాలుగు ప్యాకెట్లూ ఒకేసారి వేశాను. ప్యాకెట్ మీద ఉన్నట్టే అయిదు నిమిషాలు ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చి, ఆరిపోకుండా మూత పెట్టాను. గంట తర్వాత తీస్తే గిన్నె ఆకారంలో ఒకే ముద్దగా వచ్చింది. బాండీలో వేసి కలిపితే ముక్కలైపోయాయి. లోపం నీళ్ళదా, నూనెదా, ఉప్పు వేయకపోవడమా?

మూర్తి:
నీళ్ళు చాలలేదమ్మా. చల్లగా ఉన్న నూడుల్స్ అన్నీ ఒకేసారి పడేసరికి ఎసరు చల్లారిపోతుంది, అందుకే అతుక్కుంటాయి. నూనె రెండు చెంచాలు ఏం సరిపోతుంది, నాలుగు పోయండి. ఉప్పు వేస్తే నీళ్ళు ఇంకా ఎక్కువ వేడి మీద మరుగుతాయి కాబట్టి త్వరగా ఉడుకుతాయి కూడా.

కృష్ణవేణి:
మూర్తి గారూ, నీళ్ళు చాలలేదన్నది నిజమే, కారణం మాత్రం అది కాదండి. మూడు లీటర్ల మరిగే నీళ్ళలో 600 గ్రాముల ఎండు నూడుల్స్ పడితే వేడి తగ్గేది అయిదారు డిగ్రీలే. పెద్ద మంట మీద రెండు నిమిషాల్లోపే మళ్ళీ మసులుతాయి. అసలు ఇబ్బంది చోటు. నూడుల్స్ ఉడికేటప్పుడు దాదాపు తమ బరువంత నీళ్ళు తాగేస్తాయి. అంటే చివరికి గిన్నెలో కిలో పైచిలుకు నూడుల్స్, వాటి చుట్టూ రెండు లీటర్ల చిక్కటి గంజి మిగులుతాయి. పోగులు కదలడానికి జాగా ఉండదు.

శైలజ గారూ, అతుక్కోవడం రెండుసార్లు జరుగుతుంది. మొదటిది నీళ్ళలో వేసిన తొలి రెండు నిమిషాల్లో. పైనున్న మైదా పిండి అప్పుడే ఉబ్బి జిగురవుతుంది, పోగులేమో ఇంకా ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. ఆ రెండు నిమిషాలూ పక్కకి వెళ్ళకుండా కదుపుతుంటే ఆ జిగురు నీళ్ళలోకి పోతుంది. తర్వాత అంతగా కలపక్కర్లేదు. రెండోది వార్చిన తర్వాత. మీ ముద్దలో ముప్పాతిక వంతు ఇక్కడే తయారైందని నా లెక్క. వేడి నూడుల్స్‌ని మూత కింద పెట్టారు. లోపలి ఆవిరికి అవి ఇంకా ఉడుకుతూనే ఉన్నాయి, పైనున్న గంజి చల్లారుతూ చిక్కబడి పోగుల్ని పట్టేసింది. ఆ మూత పెట్టకుండా ఉంటే మూడు లీటర్ల నీళ్ళతో కూడా ఇంత నష్టం జరిగేది కాదు.

నూనె నీళ్ళ మీద తేలుతుంది, అడుగునున్న నూడుల్స్‌కి అందదు. వార్చేటప్పుడు ఏదో కాస్త అంటుతుంది, మిగతాది సింకులోకే. పొంగు రాకుండా కొంచెం పనికొస్తుందంతే.

మూర్తి:
మా ఇంట్లో నూనె వేస్తే పొడిపొడిగానే వస్తున్నాయే మరి.

కృష్ణవేణి:
వస్తాయండి, ఒకటి రెండు ప్యాకెట్లు చేసి వెంటనే బాండీలో వేసేస్తే నూనె లేకపోయినా వస్తాయి. ఉప్పు సంగతి: లీటరుకి పది గ్రాముల ఉప్పు వేసినా నీళ్ళు మరిగే వేడి డిగ్రీలో అయిదో వంతు కూడా పెరగదు. ఉప్పు రుచికే, అతుక్కోకుండా ఆపేది కాదు.

సునీల్:
నాదీ ఇదే సమస్య అక్కా. తెల్లగా సన్నగా ఉండేవి, మూడు నిమిషాలకే తునకలైపోతున్నాయి. నీళ్ళు ఎక్కువ పోయాలా?

కృష్ణవేణి:
తమ్ముడూ, తెల్లగా అంటే బియ్యప్పిండి నూడుల్స్ అయి ఉంటాయి, ప్యాకెట్ వెనక చూడు. అవైతే పొయ్యి మీద ఉడికించకు. మామూలు నీళ్ళలో అరగంట నానబెట్టి, వేలికి చుట్టుకునేంత మెత్తబడ్డాక వార్చి నేరుగా బాండీలో వేయి. మిగతా ఉడుకు అక్కడే అవుతుంది. శైలజ గారి మైదా నూడుల్స్‌కి ఈ పద్ధతి పనికిరాదు.

శైలజ:
వంద గ్రాములకి లీటరు నీళ్ళు అంటారు కదా, అయితే 600 గ్రాములకి ఆరు లీటర్లు పట్టే గిన్నె కావాలా? నా దగ్గర పెద్దది అంటే అయిదు లీటర్లదే.

కృష్ణవేణి:
ఆ గిన్నెతోనే రెండు వాయిలుగా చేయండి. వంద గ్రాములకి లీటరు అన్నది ఇటలీ వాళ్ళు పాస్తాకి చెప్పుకునే లెక్క, కదిపే ఓపిక ఉంటే కాస్త తగ్గినా ఫరవాలేదు. మీకైతే ఇలా:

గిన్నెలో మూడు లీటర్ల నీళ్ళు పోసి, మూత పెట్టి, తెర్లేదాకా మరిగించండి. అప్పుడు ఒక టేబుల్ స్పూన్ ఉప్పు వేయండి. చల్లటి నీళ్ళలోనే వేసేస్తే ఉప్పు స్టీలు గిన్నె అడుగున కూర్చుని చిన్న చిన్న మచ్చలు పడతాయి. పాస్తాకైతే లీటరుకి పది గ్రాములు వేస్తారు కానీ, ఈ నూడుల్స్ పిండిలోనే ఉప్పు ఉంటుంది, పైన సోయా సాస్ కూడా పడుతుంది. కాబట్టి సగం చాలు.

రెండు ప్యాకెట్లు వేయండి. బిళ్ళల్ని చేత్తో విరవొద్దు, పోగులు పొట్టివైపోతాయి. ముప్పై నలభై సెకన్లు మునగనిచ్చి, ఫోర్కుతో గానీ పట్టకారుతో గానీ కింద నుంచి పైకి ఎత్తి విడదీయండి. గరిటెతో తిప్పితే చిక్కుపడతాయి. మంట పెద్దదే ఉంచి, మూత తీసేయండి.

మూడో నిమిషం నుంచి ఒక పోగు తీసి కొరికి చూస్తూ ఉండండి. మధ్యలో కాస్త పలుకు తగలాలి, కానీ పచ్చిపిండి రుచి రాకూడదు. అక్కడే దించేయాలి. ప్యాకెట్ మీద అయిదు నిమిషాలుంటే మీకు నాలుగే, ఎందుకంటే బాండీలో ఇంకో రెండు మూడు నిమిషాలు వేడి తగులుతుంది. గోటితో నొక్కగానే మెత్తగా చిదిగిపోతే దాటిపోయిందన్నమాట. ఆ తర్వాత చల్లార్చినా, నూనె పట్టించినా అవి నిలబడవు.

వార్చగానే చల్లటి నీళ్ళు పోస్తూ వేళ్ళతో విప్పి కడగండి. జారే నీళ్ళు తెల్లగా పోవడం ఆగేదాకా. ఎండాకాలం మన ట్యాంకు నీళ్ళు కుళాయిలోంచే వేడిగా వస్తాయి, వాటితో కడిగితే నూడుల్స్ త్వరగా చల్లారవు. ఫ్రిజ్ నీళ్ళు రెండు సీసాలు ముందే పెట్టుకోండి. తర్వాత చిల్లుల గిన్నెని నాలుగైదు సార్లు విదిలించి, అయిదు నిమిషాలు వదిలేయండి. తడి ఉంటే బాండీలో వేగవు, ఉడుకుతాయి. చివరగా ప్యాకెట్‌కి ఒక టీస్పూన్ నూనె చొప్పున వేసి చేత్తో పట్టించి, వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెట్టండి. మూత వద్దు.

బాషా (గుంటూరు, ఫాస్ట్ ఫుడ్ బండి):
అక్క చెప్పినదంతా కరెక్టే, కడగడం దగ్గరే నాకు తేడా. మేం చల్లనీళ్ళు పోయం. ఒక నిమిషం ముందే దించి, వార్చి, వెంటనే నూనె పట్టించి పెద్ద ట్రేలో పలచగా పరిచి ఫ్యాను పెడతాం. రెండు మూడు సార్లు తిరగేస్తే ఆవిరి పోయి పైన పొడిబారుతుంది. కడిగితే నీరు పట్టేసి, బాండీలో పొగ వాసన పట్టదు, సాస్ కూడా కిందికి జారుతుంది.

కృష్ణవేణి:
పెద్ద ట్రే, పెద్ద ఫ్యాను, నిమిషం ముందు దించే అలవాటు ఉన్నవాళ్ళకి అది బాగా కుదురుతుంది బాషా. ఇంట్లో 300 గ్రాములు ఒక పళ్ళెంలో కుప్పగా పోస్తే మధ్యది వేడికి మగ్గుతుంది. నేనైతే ఇంటికి కడగమనే అంటాను.

బాషా:
రెండు పళ్ళేలు వాడితే సరి అక్కా. ఇంకో మాట శైలజ గారూ, రెండో వాయికి అవే నీళ్ళు వాడుకోవచ్చు, అర లీటరో ముప్పావో తగ్గి ఉంటాయి కాబట్టి అంత పోసి మళ్ళీ మరిగించండి. ఉప్పు కొంచెమే వేయండి. మూడో వాయికి మాత్రం వద్దు, గంజి చిక్కబడి పొంగిపోతుంది.

హారిక (డాలస్):
నేను స్పగెట్టీకి ఇవన్నీ చేస్తున్నా. నీళ్ళలో నూనె, తర్వాత చల్లనీళ్ళతో కడగడం. అతుక్కోవట్లేదు, కానీ టమాటా సాస్ పాస్తాకి పట్టకుండా ప్లేటు అడుగున నీళ్ళలా చేరుతోంది. ఎందుకు?

కృష్ణవేణి:
హారికా, నువ్వు కడిగేస్తున్నది సాస్‌ని పట్టి ఉంచే గంజినే. నూడుల్స్ విడివిడిగా వేగాలి కాబట్టి గంజి పోవాలి, పాస్తాకి సాస్ అంటాలి కాబట్టి గంజి ఉండాలి. నూనె మానేయి, కడగడం మానేయి. వార్చేముందు ఒక కప్పు ఉడికిన నీళ్ళు తీసి పక్కన పెట్టు. ప్యాకెట్ టైముకి రెండు నిమిషాల ముందే దించి, సాస్ ఉన్న పాన్‌లోనే పాస్తా వేసి, ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ పెద్ద మంట మీద కలుపు. సాస్ చిక్కబడి పోగులకి పట్టుకుంటుంది. అందుకే సాస్ ముందు తయారుగా ఉండాలి, పాస్తా తర్వాత. వార్చాక సాస్ కోసం ఎదురుచూసే పాస్తా ఎలాగూ అతుక్కుంటుంది. ఉప్పటి చీజ్ వేస్తున్నట్లయితే ఉప్పు లీటరుకి ఏడు గ్రాములకి తగ్గించు, ఆ నీళ్ళు మళ్ళీ సాస్‌లోకే వస్తాయి కదా.

మూర్తి:
పాస్తా సలాడ్ అయితే కడగాలిగా?

కృష్ణవేణి:
అవునండి, చల్లగా తినేదైతే కడగాలి.

శైలజ:
చాలా థాంక్సండి. ఇంకో రెండు. శనివారం రాత్రే ఉడికించి పెట్టుకోవచ్చా? పొరపాటున అతుక్కుంటే విడదీసే మార్గం ఏమైనా ఉందా?

బాషా:
రాత్రే చేసుకోండి, ఇంకా మంచిది. పూర్తిగా చల్లారాక మూతున్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి మీద డబ్బాలో వేస్తే మూతకి పట్టిన నీరు మళ్ళీ మీద పడుతుంది. బయట మాత్రం ఉంచొద్దు, ఈ ఎండలకి గంట దాటితే పాడయ్యే ప్రమాదం ఉంది. ఫ్రిజ్ నూడుల్స్ గట్టిపడి ఉంటాయి, బాండీలో విరగవు. వేసేముందు చేత్తో విప్పండి.

కృష్ణవేణి:
అతుక్కున్నవి సరిగ్గా ఉడికినవే అయితే చిల్లుల గిన్నెలో పెట్టి, మరిగే నీళ్ళలో పది పదిహేను సెకన్లు ముంచి తీసి, చల్లటి నీళ్ళు పోస్తూ విప్పండి. ఎక్కువ ఉడికిపోయి అతుక్కుంటే అవి విడిపోవు. వాటిని వేరే దేనికైనా వాడుకోవాలి, హక్కా నూడుల్స్‌కి కావు.

బాషా:
వేయించేటప్పుడు కూడా 600 గ్రాములవీ ఒకేసారి బాండీలో వేయకండి. ఇంటి పొయ్యి మంటకి ఒకటిన్నర ప్యాకెట్ దాటితే ఆవిరి పట్టి మళ్ళీ అదే కథ. మూడు వాయిలు చేయండి.

శైలజ:
సరే, ఒక ప్యాకెట్ కడిగీ, ఒకటి కడగకుండా రేపు రెండు రకాలుగా చేసి చూస్తాను.