స్టీలు మీద 2 రోజులా, 5 నిమిషాలా? జలుబు, ఫ్లూ వైరస్‌ల మీద చర్చ

కాకినాడ అమ్మ
మా ఆయనకి 3 రోజులుగా జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులు. ఇంట్లో 4 నెలల పాప, 5 ఏళ్ళ బాబు, మా అత్తయ్య ఉన్నారు. వాట్సాప్‌లో ఒకరు వైరస్ స్టీలు మీద 2 రోజులు బతుకుతుందంటారు, ఇంకొకరు 5 నిమిషాల్లో పోతుందంటారు. తలుపు గడి, ఫోను, తువ్వాలు, చేతులు, వీటిలో దేనికి భయపడాలి? దేంతో తుడవాలి?

శుభ్రం సునీత
2 రోజులన్నదే నిజం అక్కా, నేనూ చదివాను. మా ఇంట్లో ఎవరికి జలుబు చేసినా గంటకోసారి తలుపు గడులు, స్విచ్‌లు, ఫ్రిజ్ హ్యాండిల్ అన్నిటి మీదా శానిటైజర్ కొట్టి వెంటనే గుడ్డతో తుడిచేస్తాను. నేల తుడిచే నీళ్ళలో డెటాల్ వేస్తాను. అయినా పోయిన డిసెంబరులో నలుగురికీ వరసగా వచ్చింది. కాబట్టి ఇంకా ఎక్కువసార్లు తుడవాలని నా అభిప్రాయం.

ల్యాబు మనిషి
నేను 14 ఏళ్ళుగా వైరాలజీ ల్యాబులో పని చేస్తున్నాను. కాకినాడ అమ్మ గారూ, మీకు వచ్చిన రెండు అంకెలూ నిజమే. రెండూ 1982లో అమెరికాలో ఫ్లూ వైరస్ మీద చేసిన ఒకే పరిశోధనలోవి. స్టీలు, ప్లాస్టిక్ లాంటి నున్నని వాటి మీద వైరస్ 24 నుంచి 48 గంటలు బతికింది. గుడ్డ, కాగితం మీద 8 నుంచి 12 గంటలు. చేతి మీదికి వచ్చాక మాత్రం 5 నిమిషాల్లోనే దాదాపు పోయింది. వాట్సాప్‌లో ఒకరు మొదటి ముక్క పంపారు, ఇంకొకరు చివరి ముక్క పంపారు.

అదే పరిశోధనలో ఇంకో కొలత ఉంది, మన ఇళ్ళకి పనికొచ్చేది అదే. వైరస్ బతికి ఉండడం వేరు, మన వేలికి అంటుకోవడం వేరు. స్టీలు మీద నుంచి చేతికి 24 గంటల దాకా అంటుకుంది. కాగితపు రుమాలు మీద నుంచి మాత్రం 15 నిమిషాల వరకే. గుడ్డ, కాగితం వైరస్‌ని పీల్చుకుని లోపల పట్టేసుకుంటాయి. లోపల బతికే ఉంటుంది కానీ బయటికి రాదు.

పైగా వాళ్ళు ల్యాబులో వేసిన వైరస్ చాలా ఎక్కువ. జలుబు మనిషి ముక్కు తుడుచుకున్న చేత్తో గడి పట్టుకుంటే పడేది అందులో కొంచెమే. అందులో కొంత మీ వేలికి వస్తుంది, ఆ వేలి మీద నిమిషాల్లో తగ్గిపోతుంది, ఆలోపు మీరు కన్నో ముక్కో ముట్టుకోవాలి. కాబట్టి రాత్రి పట్టుకున్న గడిని పొద్దున్న పట్టుకోవడం, ఆయన తుమ్మి గడి తీసిన మరుక్షణం మీరు పట్టుకోవడం ఒకటి కాదు.

హాస్టల్ రవి
ఫోను మీద టాయిలెట్ సీటు కంటే ఎక్కువ బ్యాక్టీరియా ఉంటుందట కదా. నేను నీలం లైటు వచ్చే డబ్బా కొన్నాను, అందులో పెడితే అన్నీ చస్తాయని రాశారు. అందరూ అది కొనుక్కోండి.

ల్యాబు మనిషి
తమ్ముడూ, అది బ్యాక్టీరియా సంగతి, ఇక్కడ అడిగింది జలుబు వైరస్ గురించి. ఫోను చర్మానికి తగిలే బ్యాక్టీరియాతో నిండి ఉండడం మామూలే. ఇక ఆ లైటు సంగతి: అది తగిలిన చోటే పని చేస్తుంది. కవరు అంచు కింద, జిడ్డు మరక కింద నీడ పడితే అక్కడ పని చేయదు.

పీహెచ్‌సీ సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని. మీరందరూ గడి, ఫోను అంటున్నారు, గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. నా అనుభవంలో ఒకే గదిలో తలుపులు మూసుకుని పడుకున్న వాళ్ళకి అంటుకున్నంతగా ఇంకెవరికీ అంటుకోదు. సునీత గారి ఇంట్లో నలుగురికీ వచ్చిందంటే గడి వల్లే అని ఎందుకనుకోవాలి? డిసెంబరులో అందరూ ఒకే ఏసీ గదిలోనో, కిటికీలు మూసిన గదిలోనో పడుకుని ఉంటారు.

శుభ్రం సునీత
అవును, పిల్లలకి చలని ఒకే గదిలో పడుకున్నాం. మరి తుడిచిందంతా దండగేనా?

పేకాట పరిశోధకుడు
దండగే. 1987లో అమెరికాలో విస్కాన్సిన్ వాళ్ళు జలుబు వైరస్ ఎక్కించిన మగవాళ్ళతో 12 గంటలు పేకాట ఆడించారు. ఎదురుగా కూర్చున్న ఆరోగ్యవంతుల్లో సగం మందిని చేతులు ముఖానికి చేరకుండా కట్టుదిట్టం చేశారు. అయినా వాళ్ళలో 56 శాతానికి జలుబు వచ్చింది. చేతులు వదిలేసిన వాళ్ళలో 67 శాతం, అది పెద్ద తేడా కాదు. తర్వాత ఆ జిగురు పట్టిన పేకముక్కలు, పెన్సిళ్ళు తీసుకెళ్ళి వేరే గదిలో 12 మంది ఆరోగ్యవంతులకి ఇచ్చి ఆడించారు. ఒక్కరికీ రాలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

ల్యాబు మనిషి
ఆ పరిశోధన బలమైనదే, నేనూ దాన్ని నమ్ముతాను. కానీ వర్జీనియాలో ఉన్న వాళ్ళు 1982లో దీనికి ఎదురు ఫలితం చూపించారు. జలుబు వైరస్ పూసిన కాఫీ కప్పు చెవి పట్టుకుని, తర్వాత వేలిని కంట్లో, ముక్కులో పెట్టుకోమంటే 10 మందిలో 5 గురికి సోకింది. ప్లాస్టిక్ పలక మీద పూస్తే 16 మందిలో 9 మందికి. అదే పలక మీద క్రిమిసంహారక స్ప్రే కొట్టాక 20 మందిలో 7 గురికి.

నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, తాజాగా తడిగా ఉన్న చీమిడి, వెంటనే వేలు, వెంటనే ముక్కు, ఈ మూడూ కలిస్తే గడి నుంచి కూడా వస్తుంది. పేకముక్కలు చేతులు మారి, ఆరి, మళ్ళీ ఎవరి చేతికో చేరేలోపు ఆ బలం పోతుంది. ఇంట్లో ఒకే గదిలో ఉన్న వాళ్ళకి గాలి వాటా ఎంత, చెయ్యి వాటా ఎంత అని లెక్క తేల్చిన వాళ్ళు నాకు తెలిసి లేరు. సిస్టర్ గారు చెప్పినట్టు కిటికీ తీయడం ముందు చేయండి, తుడవడం మాత్రం మానకండి.

ఇక దేంతో అనే దగ్గర రెండు వైరస్‌లూ వేరు. ఫ్లూ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు, ఆల్కహాల్, డెటాల్ ఆ పొరని చింపేస్తాయి, అది చాలు. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌కి ఆ పొర లేదు. డెటాల్ లాంటివి, నేల తుడిచే చాలా క్లీనర్లూ దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. కెనడాలో స్టీలు పళ్ళేల మీద పరీక్షించినప్పుడు ఆల్కహాల్ ఎక్కువున్న స్ప్రే, బ్లీచు పని చేశాయి. ఆసుపత్రుల్లో మామూలుగా వాడే ఒక రకం క్లీనరు మాత్రం పెద్దగా పని చేయలేదు.

సునీత గారూ, మీరు కొట్టి వెంటనే తుడిచేస్తున్నారు కదా, అక్కడే పోతోంది. ఆల్కహాల్ తడిగా కనీసం అర నిమిషం ఉండాలి. చిన్న గడి మీద కొట్టి ఆరిపోయేదాకా వదిలేయండి. గుడ్డతో తుడిస్తే మందుని గుడ్డే తాగేస్తుంది. జిడ్డు, చీమిడి మరక ఉంటే ముందు సబ్బు నీళ్ళతో ఆ మరక తీసేసి తర్వాత మందు.

పీహెచ్‌సీ సిస్టర్
బ్లీచు లెక్క నేను చెప్తాను, మేము రోజూ కలుపుతాం. సీసా మీద 5 శాతం అని ఉంటే లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు. ఏ రోజుకారోజు కలపాలి, నిన్నటిది పనికిరాదు. 5 నిమిషాలు ఉంచి తడి గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే స్టీలు గడికి మచ్చలు పడతాయి. టాయిలెట్ కడిగే యాసిడ్ తో ఎప్పుడూ కలపకూడదు, విషపు గ్యాసు వస్తుంది. ఆ పొగకి ఊపిరాడక మా దగ్గరికి వచ్చిన వాళ్ళని చూశాను. పాప ఉన్న గదిలో బ్లీచు వద్దు, గడికి స్ప్రే చాలు.

చేతులకి మాత్రం నా ఓటు సబ్బుకే.

పేకాట పరిశోధకుడు
సిస్టర్, చేతులకి శానిటైజరే మేలని 2010లో ఒక అమెరికా పరిశోధన చెప్పింది. వేళ్ళ మీద జలుబు వైరస్ పూసి చూశారు, సబ్బుకంటే శానిటైజరే ఎక్కువ తీసేసింది.

ల్యాబు మనిషి
2012లో ఫిన్లండ్ వాళ్ళది చదవండి. ఒక్కసారి శానిటైజర్ రాస్తే రైనోవైరస్‌కి లాభం లేదు, సబ్బు నీళ్ళే బాగా కడిగేశాయని వాళ్ళు రాశారు. రెండూ నిజాయితీగా చేసినవే. నా లెక్కలో పంపు దగ్గరుంటే సబ్బు, బస్సులో ఉంటే శానిటైజర్.

ఫ్లూ గురించి మాత్రం జపాన్‌లో క్యోటో వాళ్ళు 2019లో ఒకటి చూపించారు. వేలి మీద చీమిడి తడిగా ఉన్నప్పుడు శానిటైజర్ లోపలికి చేరలేదు, వైరస్ చావడానికి 4 నిమిషాల దాకా పట్టింది. అదే తడి చీమిడిని పారే నీళ్ళలో అర నిమిషం రుద్దితే పోయింది. చీమిడి ఆరిపోయాక శానిటైజర్ కూడా త్వరగానే పని చేసింది. అందుకే ముక్కు చీదిన వెంటనే అయితే పంపు దగ్గరికే పంపండి.

బెజవాడ సెల్‌ఫోన్
ఫోను సంగతి నేను చెప్తాను, పోయిన ఏడాది ఫోను పాడుచేసుకున్నాను. బ్లీచు నీళ్ళతో తడిపిన గుడ్డతో తుడిచాను. 10 రోజుల్లో స్క్రీను మీద నున్నదనం పోయి వేలిముద్రలు అంటుకోవడం మొదలైంది, ఛార్జింగు రంధ్రంలోకి తడి పోయి ఛార్జింగు ఆగిపోయింది. రిపేరు షాపులో 1,800 తీసుకున్నారు.

ల్యాబు మనిషి
ఫోనుకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తని గుడ్డ మీద వేసి, ఫోను ఆపేసి తుడవండి, గుడ్డ కారకూడదు. 99 శాతంది కొనకండి. అది ఆవిరైపోతుంది, పని చేయడానికి కాస్త నీరు కావాలి. ముందు కవరు తీసి సబ్బు నీళ్ళతో కడిగేయండి, కవరు అంచులోనే ఎక్కువ మురికి ఉంటుంది.

కాకినాడ అమ్మ
అందరికీ థాంక్స్. ఇందాకటి నుంచి మా ఇంట్లో ఎవరు ఏం ముట్టుకుంటున్నారో గమనిస్తూ కూర్చున్నాను. గడి కంటే నాకు టెన్షన్ పెట్టింది ఇంకొకటి. బాబుకి కూడా నిన్నటి నుంచి ముక్కు కారుతోంది. మా అత్తయ్య కొంగుతో వాడి ముక్కు తుడిచి, 2 నిమిషాల్లో అదే కొంగుతో పాప మూతి తుడిచారు. ఇది ఇందాక మీరు చెప్పిన 15 నిమిషాల లోపలే కదా?

ల్యాబు మనిషి
అవునమ్మా, ఆ 15 నిమిషాల లోపలే, పైగా కొంగు ఇంకా తడిగానే ఉంది. ఇంట్లో అన్నిటికంటే ముందు మార్చాల్సింది అదే. బాబు ముక్కుకి పాత చీర ముక్కలు చిన్నవిగా చింపి పెట్టండి, తుడవగానే మూత ఉన్న డబ్బాలో వేసి, సాయంత్రం సర్ఫు వేసి ఉతికి ఎండలో ఆరేయండి. పాపకి వేరే గుడ్డ. ఆయన తువ్వాలు ఆయనకే.

పీహెచ్‌సీ సిస్టర్
పాప పాలు తాగడం తగ్గించినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, జ్వరం వచ్చినా ఇక్కడ అడగకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన పాపని ఎత్తుకునేముందు చేతులు సబ్బుతో కడగాలి, మాస్కు పెట్టుకోవాలి. పాప నోట్లో పెట్టుకునేలా ఆయన ఫోను ఇవ్వకండి.

శుభ్రం సునీత
ఈ రాత్రి నుంచి కిటికీ ఒక రెక్క తీసి పడుకుంటాం. గడులు మాత్రం తుడుస్తాను, గంటకోసారి కాదు, తుమ్మినప్పుడు.

కాకినాడ అమ్మ
అత్తయ్యకి చెప్పాను. మొదట నొచ్చుకున్నారు, తర్వాత ఆవిడే పాత నూలు చీర తీసుకొచ్చి చదరాలుగా చింపారు. మూత ఉన్న డబ్బా దగ్గర పెట్టాను. కొంగు మాత్రం బొడ్లో దోపుకుని తిరుగుతున్నారు.