రూతు 1:16 పెళ్లి ప్రసంగానికి పనికొస్తుందా? అబ్బాయిది నల్గొండ, అమ్మాయిది నరసాపురం

కొత్త కాపరి: వచ్చే నెల ఒక పెళ్లిలో వాక్యం చెప్పాలి. అబ్బాయిది నల్గొండ వైపు, అమ్మాయిది నరసాపురం. నిబంధన ప్రేమ, ఓర్పు గురించి చెప్పమని రెండు ఇళ్ల వాళ్లూ అడిగారు. ప్రాంతాలు వేరు కాబట్టి ‘నీ జనమే నా జనము’ తీసుకుందామనుకుంటున్నాను. సరైనదేనా? పన్నెండు నిమిషాలు ఇచ్చారు.

వాక్యధ్యానం: వద్దండి. అది భర్తతో అన్న మాట కాదు, రూతు అత్తతో అన్నది. అసలు ఆ మాట అన్నది పెళ్లి సందర్భంలో కాదు. పెళ్లికి వాడితే సందర్భం తప్పినట్టే. 1 కొరింథీ 13 తీసుకోండి, అది పెళ్లికే రాసినట్టుంటుంది.

పాత నిబంధన పాఠకుడు: అత్తతో అన్నదన్న మాట నిజం. కానీ 1 కొరింథీ 13 కూడా పెళ్లికి రాసింది కాదు. కృపావరాల విషయంలో ఒకరి మీద ఒకరు పైచేయికి పోతున్న సంఘానికి రాసిన మాటలవి. సందర్భం ఒక్కటే కొలబద్ద అయితే రెండూ పక్కన పెట్టాల్సిందే. ఇంకోటి, రూతు 1:14లో ‘హత్తుకొనెను’ అని ఉంది. ఆదికాండము 2:24లో పురుషుడు భార్యను ‘హత్తుకొనును’ అన్నచోట హీబ్రూలో ఉన్నదీ అదే క్రియ. కాబట్టి పెళ్లితో బొత్తిగా సంబంధం లేదనలేం.

నా అభ్యంతరం వేరు. ఆ గ్రంథం రూతును బేత్లెహేముకు వచ్చాక కూడా మోయాబీయురాలు అనే పిలుస్తుంది. మోయాబీయులు యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23లో ఉంది. ప్రాంతాల పోలికతో ఈ వాక్యం ఎత్తుకున్నారంటే, వినేవాళ్లు మనసులో వెంటనే లెక్కేస్తారు, ఎవరి ఊరు బేత్లెహేము, ఎవరి ఊరు మోయాబు అని. మీరు అనకపోయినా నరసాపురం బంధువులు అలాగే వింటారు. పైగా ‘నీ జనమే నా జనము’ అన్న బరువంతా అమ్మాయి నెత్తిన పడుతుంది. ఆదికాండము 2:24లో తల్లిదండ్రులను విడిచేది పురుషుడు. ఆ మాట అబ్బాయి వైపు వాళ్లకు వినపడాలి.

సరిహద్దు సంఘం: మాకూ ఇదే ఇబ్బంది, పెళ్లికూతురు తమిళమ్మాయి. ప్రసంగం తమిళంలోకి తర్జుమా చేయించాలంటే ఎంత సమయం పడుతుంది? పన్నెండు నిమిషాల్లో అవుతుందా?

పాత నిబంధన పాఠకుడు: ఇక్కడ అడిగింది తెలుగువాళ్ల పెళ్లి గురించే అయినా, మీ ప్రశ్నలో అందరికీ పనికొచ్చేది ఒకటుంది. వాక్యం వాక్యం తర్జుమా చేస్తే సమయం రెట్టింపవుతుంది. అంటే మీ వంతు ఆరు నిమిషాలే. బైబిలు భాగాన్ని మాత్రం తర్జుమా చేయించకండి, తమిళ బైబిల్లోంచే చదివించండి.

అసలు జాగ్రత్త ‘నిబంధన’ అన్న మాట దగ్గర. తమిళంలో ‘నిబందనై’ అంటే షరతు. వాళ్ల బైబిల్లో ఈ అర్థానికి ఉన్న మాట ‘ఉడన్‌పడిక్కై’. అనువాదకుడు చెవికి దగ్గరగా ఉందని నిబందనై అనేస్తే మీరు చెప్పేదానికి తలకిందుల అర్థం పోతుంది. మన పెళ్లిళ్లలోనూ ఇదే జరుగుతుంది. సంఘానికి రాని బంధువులకు నిబంధన అంటే ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘నిబంధనలు వర్తిస్తాయి’ మాత్రమే. అందుకే మొదటి నిమిషంలోనే తేల్చాలి: ఇక్కడ నిబంధన అంటే షరతు కాదు, మాట ఇచ్చి ఆ మాటకు కట్టుబడటం. ప్రమాణాలనే సాక్ష్యంగా చూపించండి. కలిమిలోనైనా లేమిలోనైనా, వ్యాధిలోనైనా ఆరోగ్యంలోనైనా అంటాం. ‘నువ్వు బాగుంటే’ అని ఎక్కడా అనం.

కొత్త కాపరి: ఓర్పును దీనికి ఎలా ముడిపెట్టాలి? విడివిడిగా రాస్తే రెండు ప్రసంగాల్లా ఉంది.

పాత నిబంధన పాఠకుడు: నిర్గమకాండము 34:6 తీసుకోండి. 32లో బంగారు దూడ, మోషే పలకలు పగలగొట్టడం. 34లో రెండో పలకలు చెక్కి కొండెక్కినప్పుడు దేవుడు తన పేరు చెప్పుకుంటాడు. ‘దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములు’ అన్న మాటలు అక్కడివే. అంటే ఓర్పు మాట వచ్చింది నిబంధన తెగిన చోట, దాన్ని మళ్లీ నిలబెడుతున్న చోట. హీబ్రూలో ఆ మాటకు అక్షరాలా అర్థం ముక్కు పొడుగు అని. కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి కదా, ఆ వేడి రావడానికి చాలాసేపు పడుతుందన్నమాట. 1 కొరింథీ 13:4లో ‘దీర్ఘకాలము సహించును’ అన్నదీ మనుషుల మీద కోపం ఆపుకోవడమే. 7వ వచనంలో ‘ఓర్చును’ వేరే గ్రీకు మాట, అది కష్టాల కింద నిలబడటం. ఈ రెండూ కలిపేసి ‘అన్నీ ఓర్చుకో తల్లీ’ అంటే దెబ్బలు కూడా ఓర్చుకోమని అర్థమొస్తుంది. ఆ ఓర్పు అది కాదని ఒక్క వాక్యమైనా చెప్పండి, దాచకండి.

వాక్యధ్యానం: ఈ భాగం ఒప్పుకుంటాను. మరి ప్రాంతాల సంగతి? అసలు ఎత్తకపోతే మంచిదేమో. పెళ్లిలో యాస మీద చమత్కారం వేస్తే ఒక వైపు నవ్వుతుంది, ఇంకో వైపు తల దించుకుంటుంది.

పాత నిబంధన పాఠకుడు: చమత్కారం వద్దు. మొత్తానికి వదిలేస్తే మాత్రం ప్రసంగం ఏ పెళ్లికైనా సరిపోయేదైపోతుంది. ఒకే ఒక్క ఉదాహరణ, ఎవరూ తప్పు కానిది ఎంచుకోండి. ఇలా:

“నరసాపురంలో ప్రతి మాట చివరా ‘అండి’ ఉంటుంది. నల్గొండలో ‘ఏం జేస్తున్నవ్’ అన్నది సొంత మనిషితో అనే మాట. రేపు ఆమెకు ఆ మాట విసురుగా వినపడొచ్చు. ఆమె ‘అండి’ అతనికి దూరం పెడుతున్నట్టు అనిపించొచ్చు. మాట విన్న క్షణానికీ కోపం తెచ్చుకునే క్షణానికీ మధ్య ‘నువ్వు ఏ ఉద్దేశంతో అన్నావు?’ అని అడిగే జాగా ఉంది. దీర్ఘశాంతం ఉండేది ఆ జాగాలోనే.”

సమయం ఇలా పంచుకోండి: వాక్యం చదవడానికి, నిబంధన మాట తేల్చడానికి మూడు నిమిషాలు, దూడ నుంచి రెండో పలకల దాకా నాలుగు, ఈ ఉదాహరణకు మూడు, అబ్బాయికీ అమ్మాయికీ చెరొక మాట చెప్పి ప్రార్థనకు మిగిలిన రెండు. ప్రసంగం ప్రమాణాలకు ముందా, వెనకా అని ముందే కనుక్కోండి. వెనకైతే ‘మీరు చేయబోయే’ అన్న చోటల్లా ‘ఇప్పుడు చేసిన’ అని మార్చుకోవాలి.

గోదావరి గట్టు: ఉదాహరణ బాగానే ఉంది, కానీ నాకు ఇంకా ఒప్పుదల లేదు. పెళ్లిరోజు వినేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లు. ‘అండి’ అనకపోవడం వాళ్లకు యాస కాదు, మర్యాద. మీరు రెండూ సమానమన్నా వాళ్లు ఒప్పుకోరు. ఇంకో మాట, రూతును పూర్తిగా వదలనక్కర్లేదు. నాలుగో అధ్యాయం చూడండి. బోయజు ఊరి ద్వారం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, తనకంటే దగ్గరి బంధువు ఉంటే ముందు అతన్ని అడిగాడు. తొందరపడలేదు, దొడ్డిదారి చూసుకోలేదు. ప్రజలు ‘మేము సాక్షులము’ అన్నారు. నిబంధన, ఓర్పు రెండూ అక్కడే ఉన్నాయి, ఎవరి ఊరూ మోయాబు కానక్కర్లేదు.

పాత నిబంధన పాఠకుడు: ద్వారం దగ్గరి సాక్షుల మాట నాకు తట్టలేదు. రెండు ప్రాంతాల బంధువులను ఒకే మాటతో నిలబెట్టొచ్చు. కాకపోతే నిర్గమకాండం, రూతు 4 రెండూ పన్నెండు నిమిషాల్లో పట్టవు, ఒకటే తీసుకోవాలి. రూతు 4లో తప్పు చేసినవాణ్ని క్షమించడం లేదు, రెండో పలకల దగ్గర ఉంది. నేనైతే ఇప్పటికీ అటే.

కొత్త కాపరి: నిర్గమకాండమే మూలవాక్యంగా పెట్టుకుంటాను. ‘మేము సాక్షులము’ అన్నది ఆఖర్న రెండు వైపుల పెద్దలతో పలికిస్తాను. ‘అండి’ పేరా రాసుకున్నాను కానీ, పెళ్లికి వారం ముందు ఇద్దరు తల్లులకూ చదివి వినిపిస్తాను. ఒక్కరు నొచ్చుకున్నా తీసేస్తాను.