"శ్రుతిర్మాతా"... తర్వాత "లయః"నా, "లయో"నా?

తిరుపతి శ్రోత: అన్నమయ్య కీర్తనల పోటీలో ఏకగానం రౌండుకు మార్కుల కాగితం తయారు చేస్తున్నాం. శ్రుతి 30, లయ 25, గాత్రం మీద అదుపు 20, భావం 25. పైన "శ్రుతిర్మాతా లయో పితా" అని వేయాలనుకున్నాం. "లయో"నా, "లయః"నా? ఎట్ల విన్నానో గుర్తు రావడం లేదు.

పుత్తూరు పంతులు: "లయో" అనే ఉండాలి. "రామో రాజమణిః" అంటాం కదా, అదే సంధి.

చిత్తూరు వీణ టీచరు: అయ్యా, అక్కడ రామః తర్వాత "ర" ఉంది కాబట్టి "ఓ" వచ్చింది. ఇక్కడ "ప" ఉంది, విసర్గ అట్లనే నిలుస్తుంది. "రామః పశ్యతి" అనే అంటాం గాని "రామో పశ్యతి" అనం. "లయః పితా" అనే వేయండి. మీ నమూనా కాగితం ఫొటోలో "శృతి" అని పడింది, అదీ దిద్దండి. శ్రు ధాతువు నుంచి వచ్చిన మాట అది, "శ్రుతి".

పుత్తూరు పంతులు: సరేనమ్మా, సంధి విషయం ఒప్పుకుంటాను. కానీ అమ్మ, నాన్న అన్నది లింగాన్ని బట్టి వచ్చిందని నా నమ్మకం. శ్రుతి స్త్రీలింగం, లయ పుంలింగం. అంతకు మించి లోతు వెతకనక్కర్లేదు.

చిత్తూరు వీణ టీచరు: తాళమూ పుంలింగంగా వాడతారు కదండీ. మరి "తాళః పితా" అనలేదెందుకు? తాళం చేతిలో ఉంటుంది, లయ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడంలో ఉంటుంది. పోటీలో ఈ తేడా రోజూ కనబడుతుంది. చెయ్యి ఆది తాళం ఎనిమిదీ సరిగ్గానే వేస్తుంది, చరణంలో ఆ చెయ్యే వేగం అందుకుంటుంది. చెయ్యి చూసి మార్కులు వేస్తే ఈ తప్పు దొరకదు. పల్లవిలో 15 సెకన్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టండి, చివరి చరణంలో మళ్లీ లెక్కపెట్టండి. 18 దెబ్బలు 21 అయ్యాయంటే నిమిషానికి 72 నుంచి 84కి పరిగెత్తినట్టు. అది లయలో కోత.

శ్రీకాళహస్తి అమ్మ: మా పాప ఐదున్నర శ్రుతిలో పాడుతుంది మేడమ్. బృందగానంలో మిగతావాళ్లు నాలుగున్నర అంటున్నారు. ఏది పెట్టాలి?

చిత్తూరు వీణ టీచరు: ఇక్కడి ప్రశ్న ఏకగానం గురించి అమ్మా. బృందంలో అయితే పాటలోని అతి పై స్వరం, అతి కింది స్వరం అందరికీ అందే శ్రుతి పెట్టాలి. ఏకగానంలో ఎవరి శ్రుతి వాళ్లదే, దానికి మార్కులు తగ్గించకూడదు.

తిరుపతి శ్రోత: మాకు అసలు చిక్కు వేరే చోట ఉంది. ఒకరు పల్లవి శుద్ధంగా పాడి, పై షడ్జం మీద ఒక ఆవర్తం నిలిపారనుకోండి. సగం దాటాక స్వరం కిందికి జారింది. అది శ్రుతిలో తప్పా, అదుపులో తప్పా? ఇద్దరు జడ్జీలు రెండు చోట్లా కోస్తున్నారు.

చిత్తూరు వీణ టీచరు: తర్వాతి పంక్తి ఎత్తుగడ వినండి. ఊపిరి తీసుకున్నాక తంబూరాతో కలిసే ఎత్తుకుంటే చెవి బాగుంది, ఊపిరి చాల్లేదు. అదుపులో 20కి ఒక నాలుగు తీయండి, శ్రుతి ముట్టుకోవద్దు. ఎత్తుగడ కూడా కిందనే ఉంటే షడ్జమే జారిందన్నమాట. అప్పుడు శ్రుతిలోనే తీయాలి. పంక్తి చివర షడ్జం మీదో పంచమం మీదో ఆగిన చోట విన్నారంటే, తంబూరాకు గొంతుకు మధ్య కొట్టుకుంటున్నట్టు ఒక అదురు వినబడుతుంది. ఒక తప్పుకు ఒకే గడిలో కోత.

పుత్తూరు పంతులు: ఇవన్నీ సరే, భావం సంగతేమిటి? అన్నమయ్య "పడగలమయము" అన్నాడు. "పడగ" దగ్గర ఊపిరి తీసి "లమయము" అని ఎత్తుకుంటే నా ప్రాణం పోయినట్టుంటుంది. పడగలతో నిండినది అనే అర్థమే చెదిరిపోయింది. అది భావంలో కోయాల్సిందే.

చిత్తూరు వీణ టీచరు: ఇది పూర్తిగా ఒప్పుకుంటాను. ఊపిరి అందకే అక్కడ ఆగినా, చెడింది మాట. ఇంకొకటి కూడా చూడండి. తాళ్లపాక రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గాని స్వరాలు లేవు. మనం వినే వరుసలు తర్వాతివాళ్లు కట్టినవి. కాబట్టి "అందరూ పాడే వరుస ఇది కాదు" అని మార్కులు తీయడం అన్యాయం. ఎత్తుకున్న వరుసను పల్లవికి వచ్చిన ప్రతిసారీ నిలబెట్టుకున్నారా అన్నదే చూడాలి.

పుత్తూరు పంతులు: వరుస మారితే పరవాలేదు, రాగం మారితే మాత్రం నేను ఒప్పుకోను. రేకు మీద పేరు చెక్కి పెట్టారు కదా!

చిత్తూరు వీణ టీచరు: వేరే రాగంలో స్థిరపడి జనం నోట ఉన్నవి ఎన్నో ఉన్నాయండీ. అవన్నీ పోటీ నుంచి తీసేద్దామా?

తిరుపతి శ్రోత: "లయః పితా", "శ్రుతి" రెండూ దిద్దాను. ఒత్తులు, ళ-ల తేడా ఏ గడిలో వేయాలి? భావంలోనా, ఉచ్చారణకు వేరే అయిదు మార్కులా?

పుత్తూరు పంతులు: వేరే పెట్టండి. ళ పలకనివాళ్లకు భావం ఎట్ల వస్తుంది?

చిత్తూరు వీణ టీచరు: భావం ఉండీ ళ పలకనివాళ్లు ఉన్నారండీ. వేరే పెడితే ఆ అయిదూ ఏ గడిలోంచి తీస్తారో ముందు చెప్పండి. శ్రుతిలోంచి మాత్రం వద్దు.