పరిశోధన వ్యాసంలో క్రియలన్నీ నామపదాలు కావాలా?

భారతి (తిరుపతి):
తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాల మీద తెలుగులో పరిశోధన వ్యాసం రాస్తున్నాను. “మొక్కున్న మగవాళ్ళు చీర కట్టుకుని గుడికి వస్తారు” అని రాస్తే, ఇది కథ చెప్పినట్టుంది, క్రియలు తగ్గించి నామపదాలు పెంచండి, ఏదీ ఖండితంగా చెప్పకండి అన్నారు మా పర్యవేక్షకులు. మార్చాక ఇలా తయారైంది:

“జాతర సందర్భంగా పురుషుల స్త్రీ వేషధారణ జరగడం గమనించడం జరిగింది. ఈ వేషధారణ బహుశా స్త్రీ శక్తి పట్ల గౌరవ సూచకంగా ఉండే అవకాశం ఉండవచ్చునని భావించవచ్చు. ఈ గౌరవ ప్రకటన కారణంగా జాతర కొనసాగింపు సాధ్యమైంది.”

రాసిన నాకే గొంతు దిగడం లేదు. పరిశోధన భాష ఇలాగే ఉండాలా?

మునిరత్నం (చిత్తూరు):
పత్రికలో వార్తలు దిద్దడం నా పని. “జరగడం జరిగింది” కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా కొట్టేస్తాను. ఎవరు, ఏమిటి, ఏం చేశారు, అంతే రాయండి. “బహుశా”, “అవకాశం ఉంది” అనేవి ధైర్యం లేనివాళ్ళ మాటలు. తెలిస్తే రాయండి, తెలియకపోతే మానేయండి. నామపదాల జోలికి అసలు పోవద్దు.

రెడ్డెప్ప (పలమనేరు):
అమ్మా, నేను రెవెన్యూ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. “విచారణ జరపడమైనది”, “తగు చర్య నిమిత్తం పంపడమైనది” అని ఎన్నేళ్ళు రాశామో. అది తప్పని ఇప్పుడెందుకు అంటున్నారో నాకు తెలియదు. ఫైలులో తహసీల్దారు బదిలీ అయినా ఉత్తర్వు అలాగే ఉంటుంది. పని చేసింది మనిషి కాదు, ఆ పదవి. అందుకే పేరు రాయం. మీ పర్యవేక్షకులు చెప్పింది పద్ధతి ప్రకారమే ఉంది.

శారద (తిరుపతి):
రెడ్డెప్ప గారూ, ఫైలుకు మీరు చెప్పింది న్యాయమే. అక్కడ కర్త ఎవరో పై వరుసలో పదవి పేరే చెబుతుంది. వ్యాసంలో ఆ పై వరుస ఉండదు కదండీ.

భారతి గారూ, మీ మొదటి వాక్యం బరువెక్కింది సరే, నన్ను కలవరపెట్టింది అది కాదు. అందులో సమాచారమే పోయింది. ఈ జాతరలో వేషం కట్టేవాళ్ళు ఒక్క రకం కాదు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వంటి వేషాలను అమ్మవారి తరఫున రోజుకొకటిగా కట్టేది కైకాల కుటుంబాలవారు. అది వంశపారంపర్యంగా వచ్చే బాధ్యత. మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టుకుని వచ్చే భక్తులు వేరు. “పురుషుల స్త్రీ వేషధారణ” అనగానే ఈ ఇద్దరూ కలిసిపోయారు. పైగా దొర వేషం ఆడవేషమే కాదు. పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు దొరలా వచ్చిందన్నది కథ. మీరు మొదట రాసిన మామూలు వాక్యంలో ఈ పొరపాటుకు చోటే లేదు, ఎందుకంటే అక్కడ “మొక్కున్న మగవాళ్ళు” అని కర్త ఉంది.

అలాగని నామపదాలు మానేయమనను. తెలుగులో క్రియను నామపదం చేయడం ఒక్క దూకులో జరగదు, మధ్యలో మెట్లున్నాయి. “భక్తులు చీర కట్టుకుని వస్తారు” పూర్తి వాక్యం. “భక్తులు చీర కట్టుకుని వచ్చే ఆచారం” అంటే అది నామపదబంధమే, అయినా కర్త ఉంది, కాలమూ ఉంది. “వచ్చిన”, “వస్తున్న” అని కాలం మార్చుకోవచ్చు. “భక్తులు చీర కట్టుకుని రావడం” అంటే కర్త మిగిలి కాలం పోయింది. “వేషధారణ” అంటే రెండూ పోయాయి. చివరి మెట్టు దాకా దిగాలంటే, ఆ పోయినవి పాఠకుడికి అప్పటికే తెలిసి ఉండాలి. అందుకే మొదటిసారి చెప్పేటప్పుడు పూర్తి వాక్యం రాయండి. దాని గురించి ఇంకో మాట చెప్పవలసి వచ్చినప్పుడు “ఈ వేషధారణ” అని ఎత్తుకోండి. మునిరత్నం గారి పద్ధతిలో అన్నీ క్రియలే అయితే, ప్రతి కొత్త వాక్యానికీ ముందు పాత వాక్యమంతా మళ్ళీ చెప్పాలి. వార్త పొట్టిది, సరిపోతుంది. నాలుగు మెట్ల వాదనకు సరిపోదు.

అసలు ప్రమాదం మీ మూడో వాక్యంలో ఉంది. రెండో వాక్యంలో గౌరవం అన్నదాని మీద “బహుశా”, “అవకాశం”, “ఉండవచ్చు”, “భావించవచ్చు” అని నాలుగు సందేహాలు పెట్టారు. మూడో వాక్యం వచ్చేసరికి అదే గౌరవం “ఈ గౌరవ ప్రకటన” అనే నామపదమై, ఒక్క సందేహమూ లేకుండా మరో విషయానికి కారణమైపోయింది. మధ్యలో మీరు నిరూపించింది ఏమీ లేదు. వాక్యాన్ని నామపదం చేసినప్పుడు “కావచ్చు” రాలిపోతుంది, ఊహ నిజంలా నిలబడుతుంది. పరీక్షకులు పట్టుకునేది ఇక్కడే. ప్రతి “ఈ ఫలానా” దగ్గరా ఆగి దాన్ని మళ్ళీ వాక్యంగా విప్పండి. “భక్తులు వేషంతో గౌరవం ప్రకటిస్తారు” అని వస్తుంది. ఇది చూపించానా అని మీరే అడగండి. లేదంటే సందేహాన్ని వెంట తీసుకెళ్ళండి: “ఈ వివరణ సరైనదైతే” అని మొదలుపెట్టండి.

మునిరత్నం (చిత్తూరు):
మూడో వాక్యం సంగతి ఒప్పుకుంటాను, అది నా కంటికీ ఆనలేదు. కానీ సందేహార్థకాలను మీరు ఇంకా వెనకేసుకొస్తున్నారు.

శారద (తిరుపతి):
ఎక్కడ పెట్టాలో తెలిస్తే అది పిరికితనం కాదండీ, కొలత. కంటితో చూసినదానికి సందేహం అక్కర్లేదు. చీర కట్టుకుని వచ్చారు, అంతే. ఎందుకు వచ్చారన్నది మనం చెప్పే అర్థం. అక్కడ ఒక్కటి చాలు. దానికంటే మంచిది ఆధారం ఎంతో చెప్పడం. “నేను మాట్లాడినవారిలో కొందరు ఇలా అన్నారు” అంటే మీ మాటకు హద్దు అక్కడే తెలుస్తుంది. “-వచ్చు” వాడేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. “పిల్లలూ వేషం కట్టవచ్చు” అంటే అనుమతి ఉందనా, కడతారేమో అనా? ఆచారం గురించి రాసే వ్యాసంలో ఆ తేడా చాలా పెద్దది.

భారతి (తిరుపతి):
నా నోటుపుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీ రాశాను:

“జాతర రోజుల్లో మొక్కున్న మగవాళ్ళు కొందరు చీర కట్టుకుని అమ్మవారి దర్శనానికి వస్తారు. కైకాల కుటుంబాలవారు కట్టే వేషాలు దీనికి వేరు. భక్తుల వేషధారణకు కారణం అడిగినప్పుడు, నేను మాట్లాడినవారిలో ఎక్కువమంది మొక్కు గురించే చెప్పారు. అమ్మవారిలోని స్త్రీ శక్తి మీద గౌరవమని చెప్పినవారు కొద్దిమందే. గౌరవం ఒక కారణం కావచ్చు గానీ, అదే ప్రధానమని చెప్పడానికి ఈ సమాచారం చాలదు.”

జాతర కొనసాగింపు గురించిన వాక్యం తీసేశాను, దానికి నా దగ్గర ఆధారం లేదు. ఇంకో చిక్కు మిగిలింది. “నేను మాట్లాడినవారు” అంటే మా పర్యవేక్షకులు ఒప్పుకోరు.

రెడ్డెప్ప (పలమనేరు):
“ఈ పరిశోధకురాలు” అని రాసేయమ్మా. పద్ధతీ నిలుస్తుంది, ఎవరు అడిగారో కూడా తెలుస్తుంది.

మునిరత్నం (చిత్తూరు):
తన గురించి తానే మూడో మనిషిలా రాసుకోవడం నాకు నచ్చదు. “నేను” అనడంలో తప్పేముంది?

శారద (తిరుపతి):
నా ఓటు “నేను”కే. అయితే కొన్ని విభాగాల్లో ఒప్పుకోరు, వాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళను నేను ఎక్కువగా చూడలేదు. భారతి గారూ, వాళ్ళు పట్టుబడితే రెడ్డెప్ప గారి మాట వాడండి. “సమాచార సేకరణ జరిగింది” దగ్గరికి మాత్రం వెనక్కి వెళ్ళకండి. ఎవరిని అడిగారు, ఏ రోజు అడిగారు అన్నది ఆ పేరాలో ఇప్పటికీ లేదు. బైరాగి వేషం నాడు గుడి దగ్గర దొరికినవాళ్ళూ మాతంగి వేషం నాడు దొరికినవాళ్ళూ ఒకే మాట చెప్పారా?